ముందు hi అంటే ఏమిటో చెప్పు

మొన్న మా టీమ్‌లో ఒక కోడ్ రివ్యూ జరిగింది. ఏ తేదీ నుంచి ఏ రేటు అమల్లోకి వచ్చిందో తేదీల వరసలో పెట్టిన పట్టిక ఒకటి ఉంది. బిల్లు తేదీ ఇస్తే ఆ రోజుకి వర్తించే రేటు తీసివ్వాలి. కొత్తగా చేరిన కుర్రాడు దానికి బైనరీ సెర్చ్ రాశాడు. లూప్ కింద ఒకచోట `hi = mid - 1` ఉంది, ఇంకోచోట `lo = mid` ఉంది, చివర్లో `return lo - 1` ఉంది.

"ఈ లూప్ తిరుగుతున్నంతసేపూ hi అంటే ఏమిటి?" అనడిగాను.

"అంటే పై హద్దు అన్నా."

"ఆ హద్దు దగ్గరున్న రేటుని ఇంకా వెతకాలా? వెతకడం అయిపోయిందా?"

కాసేపు స్క్రీన్ వైపు చూసి, "మొదట మైనస్ వన్ లేదన్నా. ఒక టెస్టు ఫెయిలైంది. అది పెట్టాక అన్నీ పాసవుతున్నాయి" అన్నాడు.

అబద్ధం చెప్పలేదు, తెలివితక్కువవాడూ కాదు. ప్లేస్‌మెంట్ల కోసం చదివేటప్పుడు అతనికి బైనరీ సెర్చ్‌ని మూడు టెంప్లేట్లుగా నేర్పారు. ఒకదానిలో `lo <= hi`, ఇంకోదానిలో `lo < hi`, మూడోదానిలో `lo + 1 < hi`. ఏ లెక్కకి ఏ టెంప్లేటో గుర్తుపెట్టుకోవాలి. గుర్తు తప్పితే టెస్టులు పాసయ్యేదాకా ప్లస్ వన్నులు, మైనస్ వన్నులు అటూ ఇటూ జరపాలి. నాకు ఈ పద్ధతంటే చాలా అసంతృప్తి. బైనరీ సెర్చ్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన కోడ్ ఏమీ లేదని నా వాదన. రాయాల్సింది ఒక వాక్యం. ఆ వాక్యం సరిగ్గా రాస్తే, ఎక్కడ ప్లస్ వన్ ఉండాలో ఎక్కడ ఉండకూడదో అదే చెబుతుంది. ఆ వాక్యానికే లూప్ ఇన్వేరియంట్ అని పేరు.

## 7 మార్కుల ప్రశ్న

ఇంటర్లో ఎంపీసీ తీసుకున్నవాళ్లకి గణితానుగమనం కొత్త కాదు. మా రోజుల్లో 1ఎ పేపర్లో 7 మార్కులకి వచ్చేది. n = 1కి నిజమని చూపించు, k కి నిజమనుకో, k + 1కి నిజమని సాధించు, "కనుక అన్ని ధన పూర్ణాంకాలకు నిజం" అని రాసి కింద గీత గీయి. ఆ చివరి వాక్యం రాయకపోతే ఒక మార్కు పోతుందని మా లెక్చరర్ బెదిరించేవారు.

లూప్ సరైనదని రుజువు చేయడం కూడా అదే లెక్క. లూప్ ఎన్ని చుట్లు తిరిగిందన్నదే ఇక్కడ n. లూప్‌లోకి అడుగుపెట్టే ముందు వాక్యం నిజమని చూపించాలి. ఒక చుట్టు మొదలయ్యేటప్పుడు నిజమైతే ఆ చుట్టు ముగిసేసరికి కూడా నిజమేనని చూపించాలి. అప్పుడు లూప్ ఎప్పుడు ఆగినా ఆ క్షణంలో వాక్యం నిజమే. దానికి "లూప్ ఆగింది" అన్న సంగతి కూడా కలిపితే మనకి కావలసిన జవాబు రావాలి. ఈ ఆలోచనని 1967లో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో టోనీ హోర్ ఒక పద్ధతిగా పెట్టారు.

ఇంటర్‌కీ దీనికీ ఒక తేడా ఉంది, అసలు కష్టమంతా అందులోనే ఉంది. పరీక్షలో సాధించాల్సిన వాక్యాన్ని ప్రశ్నపత్రమే ఇచ్చేది. వర్గాల మొత్తానికి సూత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందని మేం అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ప్రోగ్రామ్ దగ్గర ఆ వాక్యాన్ని మనమే కనిపెట్టాలి. దాన్ని కనిపెట్టడం నేర్పకుండా "లూప్ ఇన్వేరియంట్ అనగానేమి?" అని రెండు మార్కులకి అడిగితే, పిల్లలు నిర్వచనం బట్టీపట్టి, ప్రోగ్రామ్ మటుకు టెంప్లేట్‌లోంచి తీసి రాస్తారు.

## వాక్యం ఎక్కణ్ణుంచి వస్తుంది

చివర్నుంచి మొదలుపెట్టాలి. వరసలో ఉన్న ఎనిమిది సంఖ్యలు తీసుకుందాం.

```
index:  0  1  2   3   4   5   6   7
a    =  3  7  7  12  15  20  20  31
```

x ఇస్తే, x కంటే చిన్నది కాని మొట్టమొదటి సంఖ్య ఎక్కడుందో చెప్పాలి. x = 20 అయితే జవాబు 5. x = 40 అయితే అలాంటిది లేదు కాబట్టి జవాబు 8, అంటే వరస బయట.

జవాబుని p అందాం. p గురించి ఏం నిజం కావాలి? p కి ఎడమవైపు ఉన్నవన్నీ x కంటే చిన్నవి. p నుంచి కుడివైపు ఉన్నవేవీ x కంటే చిన్నవి కావు. పని మొదలుపెట్టినప్పుడు p మనకి తెలియదు. అందుకని ఆ ఒక్క p స్థానంలో ఇద్దర్ని నిలబెడతాం. `lo` కి ఎడమవైపు ఉన్నవన్నీ x కంటే చిన్నవి. `hi` నుంచి కుడివైపు ఉన్నవేవీ x కంటే చిన్నవి కావు. మధ్యలో ఉన్నవాటి సంగతి ఇంకా తెలియదు. ఇదే మన ఇన్వేరియంట్. తెలియని భాగం ఖాళీ అయినప్పుడు, అంటే `lo` `hi` ఒకచోట కలిసినప్పుడు, అదే p.

ఇప్పుడు కోడ్ రాయడానికి పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. ఇందులో n అంటే వరసలో ఎన్ని సంఖ్యలున్నాయో ఆ లెక్క.

```
lo = 0
hi = n
while lo < hi:
    mid = (lo + hi) // 2
    if a[mid] < x:
        lo = mid + 1
    else:
        hi = mid
return lo
```

మొదట్లో `hi` ఎందుకు n, n - 1 ఎందుకు కాదు? `hi` నుంచి కుడివైపు ఉన్నవేవీ x కంటే చిన్నవి కావని మన వాక్యం అంటోంది. లూప్‌కి ముందు మనం ఒక్క సంఖ్యని కూడా చూడలేదు. చూడకుండా అలా అనాలంటే కుడివైపు ఏమీ ఉండకూడదు, కాబట్టి `hi` వరస బయట ఉండాలి. `hi = n - 1` అని మొదలుపెడితే చివరి సంఖ్య గురించి చూడకుండానే మాట ఇచ్చినట్టు. x = 40తో నడిపి చూడండి. `hi = 7` తో మొదలైతే mid వరసగా 3, 5, 6 అవుతుంది, `lo` 4, 6, 7 అవుతుంది, ఆగి 7 అంటుంది. ఏడో స్థానంలో ఉన్నది 31, అది 40 కంటే చిన్నది. అనుగమనంలో n = 1 దగ్గరే తప్పింది.

`a[mid] < x` అని తేలితే, వరస క్రమంలో ఉంది కాబట్టి mid తో కలిపి దాని ఎడమవైపు ఉన్నవన్నీ x కంటే చిన్నవే. అందుకని `lo` ని mid దాటించి mid + 1 దగ్గర పెట్టొచ్చు. అలా తేలకపోతే mid నుంచి కుడివైపంతా x కంటే చిన్నది కాదు, `hi` ని mid దగ్గరికి తేవచ్చు. mid - 1 దాకా తేవడానికి మాత్రం వీల్లేదు, ఎందుకంటే అక్కడున్న సంఖ్యని మనం చూడలేదు.

ఇక్కడే టెస్టులు మోసం చేస్తాయి. `hi = mid - 1` అని రాసి x = 20తో నడపండి. mid 4, పదిహేను చిన్నది, `lo` 5. mid 6, ఇరవై చిన్నది కాదు, `hi` 5. ఆగింది, జవాబు 5. సరైనదే! ఐదో స్థానంలో కూడా ఇరవయ్యే ఉంది కాబట్టి చూడకుండా ఇచ్చిన మాట అదృష్టవశాత్తూ నిజమైంది. అదే కోడ్‌ని x = 15తో నడపండి. మొదటి mid 4, పదిహేను పదిహేను కంటే చిన్నది కాదు, `hi` 3 అవుతుంది. ఆ క్షణమే వాక్యం విరిగిపోయింది, ఎందుకంటే మూడో స్థానంలో ఉన్న 12 చిన్నదే. ఆపైన లూప్ ఎంత బుద్ధిగా తిరిగినా లాభం లేదు. mid 1, `lo` 2. mid 2, `lo` 3. జవాబు 3 అని ఆగుతుంది. కావలసింది 4.

మా కుర్రాడి కోడ్ దాదాపు ఇదే జాతి. అతని టెస్టుల్లో బిల్లు తేదీలన్నీ రెండు రేట్ల మార్పుల మధ్యలో ఎక్కడో ఉన్నాయి. సరిగ్గా రేటు మారిన రోజునే వేసిన బిల్లు ఒక్కటీ లేదు. పట్టికలోని మొదటి తేదీకి ముందు వేసిన బిల్లూ లేదు.

## ఆగుతుందని ఎవరు చెప్పారు

ఇన్వేరియంట్ ఒక్కటీ అన్నీ చూసుకోదు. `lo = mid + 1` బదులు `lo = mid` అని రాశామనుకోండి. వాక్యం చెడదు. mid కి ఎడమవైపు ఉన్నవన్నీ చిన్నవే అనడం నిజమే, mid కూడా చిన్నదేనన్న సంగతిని వాడుకోలేదంతే. అనుగమనం ప్రకారం ఈ కోడ్‌లో ఏ తప్పూ లేదు. కానీ `lo` 4, `hi` 5 అయినప్పుడు mid 4 అవుతుంది, `lo` మళ్లీ 4 అవుతుంది, ప్రోగ్రామ్ అక్కడే తిరుగుతూ ఉంటుంది.

అందువల్ల రెండో రుజువు ఒకటి కావాలి. ప్రతి చుట్టులోనూ `hi - lo` కనీసం ఒకటైనా తగ్గుతుందని, అది సున్న కంటే కిందకి పోదని చూపించాలి. దానికి ఒక్క సంగతి చాలు: `lo <= mid < hi`. `lo < hi` అయినప్పుడు రెంటి సగటుని కిందికి కుదిస్తే అది `lo` కంటే తగ్గదు, `hi` ని చేరదు. mid `hi` కంటే తక్కువ కాబట్టి `hi = mid` అంటే `hi` తగ్గినట్టే. mid `lo` కి సమానం కావచ్చు కాబట్టి `lo` దగ్గర ప్లస్ వన్ తప్పనిసరి. ఒకచోట ప్లస్ వన్ ఉండి రెండోచోట లేకపోవడం చూడ్డానికి అవకరంగా ఉంటుంది. భాగహారం కిందికి కుదించడం వల్ల వచ్చిన అవకరం అది. mid ని పైకి కుదిస్తే ఈ లెక్క తిరగబడుతుంది, అందుకే ఒక టెంప్లేట్‌లోంచి mid ని, ఇంకోదానిలోంచి `lo` ని తెచ్చి అతికిస్తే హ్యాంగ్ అవుతుంది.

## రుజువు చేసిన కోడే తప్పయినప్పుడు

ఇలా మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు జావా సంగతి ఎత్తుతారు. ఎత్తాల్సిందే.

జాన్ బెంట్లీ తన "ప్రోగ్రామింగ్ పెర్ల్స్" పుస్తకంలో, ప్రొఫెషనల్ ప్రోగ్రామర్లకి బైనరీ సెర్చ్ రాయమని సరిపడా టైమిచ్చి చూస్తే 90 శాతం మంది కోడ్‌లో తప్పులు తేలాయని రాశారు. మొదటి బైనరీ సెర్చ్ 1946లో ప్రచురితమైతే, తప్పుల్లేనిది 1962 దాకా రాలేదని డొనాల్డ్ నూత్ అన్నమాటని కూడా గుర్తుచేశారు. ఆ పుస్తకంలోనే బెంట్లీ ఇన్వేరియంట్ రాసుకుంటూ, ఒక్కో అడుగూ రుజువు చేసుకుంటూ బైనరీ సెర్చ్‌ని కట్టి చూపించారు. కార్నెగీ మెలన్‌లో ఆయన పాఠం విన్న విద్యార్థుల్లో ఒకరు జాషువా బ్లాక్. తర్వాత జావా లైబ్రరీలో `java.util.Arrays` కోసం బైనరీ సెర్చ్ రాసింది ఆయనే. 2006 జూన్‌లో ఆ బ్లాకే, తన కోడ్‌లోనూ గురువుగారి పుస్తకంలోని కోడ్‌లోనూ ఒకే తప్పు ఉందని బయటపెట్టారు. జావాలో అది తొమ్మిదేళ్లుగా దాక్కుని ఉంది.

```
int mid = (low + high) / 2;
```

జావాలో `int` లో పట్టే అతిపెద్ద సంఖ్య 2147483647. `low` 1200000000, `high` 1500000000 అనుకుంటే మొత్తం 2700000000 కావాలి. అది పట్టదు, చుట్టు తిరిగి -1594967296 అవుతుంది. సగం చేస్తే mid -797483648. అలాంటి స్థానం ఉండదు కాబట్టి జావా ఎక్సెప్షన్ విసురుతుంది. సీ భాషలో అయితే ఏమవుతుందో హామీ లేదు. వరసలో వంద కోట్లకి పైగా సంఖ్యలు ఉంటే తప్ప ఇది బయటపడదు, అందుకే అన్నేళ్లు ఎవరికీ తగల్లేదు. `low + (high - low) / 2` అని రాస్తే సరిపోతుంది.

రుజువులు ఒక్కటే చాలవు, టెస్టులూ రివ్యూలూ అన్నీ కావాలని బ్లాక్ తేల్చారు. దానితో పేచీ లేదు. కానీ ఈ కథని "చూశారా, రుజువు వల్ల ఉపయోగం లేదు" అని చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. రుజువులో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలం. `lo <= mid < hi` అన్నచోటే ఉంది. రెండు సంఖ్యల సగటు వాటి మధ్యలో ఉంటుందన్నది గణితంలోని పూర్ణాంకాలకి నిజం, 32 బిట్ల `int` దగ్గర మాత్రం ఒక్కోసారి తప్పుతుంది. రుజువు మొత్తం ఆ ఒక్క లైను మీద ఆధారపడిందని మనకి తెలుసు కాబట్టి, కొత్త మెషీన్ మీదకో కొత్త భాషలోకో మార్చినప్పుడు మళ్లీ తనిఖీ చేయాల్సిన లైను అదేనని తెలుస్తుంది. పైథాన్‌లో పూర్ణాంకాలకి హద్దు లేదు, అందుకే నేను పైన `(lo + hi) // 2` అని నిశ్చింతగా రాశాను. టెస్టులు మాత్రమే ఉన్న కోడ్‌లో ఇలా వేలు పెట్టడానికి చోటుండదు.

అయినా ఈ సమాధానం నాకే పూర్తిగా నచ్చదు. బెంట్లీకి కూడా ఆ లైను కనిపిస్తూనే ఉంది కదా. "ఇది తెలిసిందే" అనుకున్న లైను దగ్గర ఎవరం ఆగం. రుజువు రాసేవాడికి ఆ లైను దగ్గర అనుమానం రప్పించే ఉపాయం అనుగమనంలో లేదు. అది మెషీన్ తెలిసినవాడి అనుభవంలోంచి రావాలి, లేదా రుజువుని సరిచూసే టూల్‌కి 32 బిట్ల సంఖ్యలంటే ఏమిటో ముందే చెప్పి ఉండాలి.

ఇంకో అభ్యంతరం, "లైబ్రరీలో ఉందిగా, ఎందుకు రాయడం?" అని. ఉంటే వాడుకోవాల్సిందే. పైన రాసిన కోడ్ పైథాన్ `bisect_left` చేసే పనే. అయితే లైబ్రరీని పిలిచేటప్పుడు కూడా అది తిరిగిచ్చిన సంఖ్యకి అర్థమేమిటో తెలియాలి. మా రేట్ల పట్టికకి కావలసింది బిల్లు తేదీకి మించని చివరి తేదీ. `bisect_left` వాడి ఒకటి తగ్గిస్తే, రేటు మారిన రోజున వేసిన బిల్లుకి పాత రేటు పడుతుంది. బిల్లు తేదీకి సమానమైన తేదీని కూడా దాటి నిలిచే `bisect_right` వాడి ఒకటి తగ్గించాలి. అదీ సున్న తిరిగిస్తే తగ్గించకూడదు, ఆ తేదీకి రేటే లేదు. పైథాన్‌లో -1 అంటే చివరిది కాబట్టి తగ్గిస్తే ఎర్రర్ కూడా రాదు, అన్నిటికంటే కొత్త రేటు వేసేస్తుంది.

## వరసలో లేకపోతే

రుజువు రాయడం వల్ల నాకు బాగా నచ్చిన లాభం వేరే ఉంది. సంఖ్యలు క్రమంలో ఉండాలన్న షరతు ఎక్కడ వాడామో వెనక్కి వెళ్లి చూడండి. `a[mid]` ఒక్కదాన్ని చూసి "దాని ఎడమవైపు ఉన్నవన్నీ" అన్నప్పుడు, అలాగే "కుడివైపంతా" అన్నప్పుడు. ఇంకెక్కడా లేదు. మరి వాక్యాన్ని కాస్త బలహీనం చేస్తే? `lo` కి సరిగ్గా ముందున్నది x కంటే చిన్నది, `hi` దగ్గరున్నది x కంటే చిన్నది కాదు, అంతే. రెండు కొసల బయటా అలాంటివి ఉన్నట్టు ఊహించుకుంటే చాలు. ఈ చిన్న వాక్యాన్ని అదే కోడ్ అన్ని చుట్లలోనూ నిలబెడుతుంది, సంఖ్యలు ఏ క్రమంలో ఉన్నా సరే. లూప్ ఆగేసరికి చిన్నదాని పక్కనే చిన్నది కానిది ఉన్న ఒక సరిహద్దు దొరుకుతుంది. అది మొదటిదని మాత్రం హామీ లేదు.

`git bisect` వాడినవాళ్లు ఈ వాక్యం మీదే నమ్మకం పెట్టి పనిచేస్తున్నారు. ఒక పాత కమిట్ బాగుంది, ఒక కొత్త కమిట్ చెడిపోయి ఉంది. మధ్యలో వెయ్యి కమిట్లుంటే సుమారు పది చెకింగులతో, చెడగొట్టిన కమిట్ తేలుతుంది. మధ్యలో ఎవరో ఆ బగ్ సరిచేసి, ఇంకెవరో మళ్లీ తెచ్చిపెట్టి ఉంటే? అప్పుడు కూడా బాగున్నదాని తర్వాత చెడిపోయినది వచ్చే ఒక జంటని చూపిస్తుంది. చెడగొట్టిన సందర్భాల్లో అది ఏదో ఒకటి. మొట్టమొదటిసారి చెడగొట్టింది ఇదేనని మీటింగులో ఎవరిమీదైనా నింద వేసేముందు ఇది గుర్తుంచుకోవడం మంచిది.

ఈ చిన్న వాక్యంతో రోజువారీ పనిలో ఇంకో సౌకర్యం ఉంది. పూర్తి ఇన్వేరియంట్‌ని ప్రతి చుట్టులో తనిఖీ చేయాలంటే వరసంతా చదవాలి, అలాగైతే బైనరీ సెర్చ్ వాడిన ఫలితమే ఉండదు. చిన్నదాన్ని తనిఖీ చేయడానికి రెండు చూపులు చాలు. మా రివ్యూ తర్వాత ఆ కుర్రాడు కోడ్ మళ్లీ రాసినప్పుడు లూప్ మొదట్లో ఇలాంటి రెండు లైన్లు పెట్టించాను. మన ఎనిమిది సంఖ్యల ఉదాహరణకైతే అవి ఇలా ఉంటాయి.

```
assert lo == 0 or a[lo - 1] < x
assert hi == n or not (a[hi] < x)
```

పైన చూసిన `hi = mid - 1` తప్పుని x = 15 దగ్గర ఇవి రెండో చుట్టు మొదట్లోనే పట్టేస్తాయి. x = 20 దగ్గర పట్టవు, ఎందుకంటే అక్కడ మాట నిజంగానే నిలబడింది. ఒక సందర్భం మాత్రం వీటికి ఎప్పటికీ చిక్కదు. పట్టికని ఎవరైనా తేదీల క్రమంలో పెట్టకుండా పంపితే, ఈ రెండు లైన్లూ చివరిదాకా కిక్కురుమనవు, జవాబు మాత్రం తప్పు రావచ్చు. క్రమంలో లేకపోయినా చెడని వాక్యాన్నే కదా మనం తనిఖీ చేస్తున్నది. అందుకని క్రమంలో ఉందో లేదో చూసే పనిని వెతికే ఫంక్షన్‌లోంచి తీసి, పట్టికని ఫైల్లోంచి లోడ్ చేసేచోట ఒక్కసారి చేసేలా పెట్టాం.